క్లినిక్ తెరిచే, మూసే చెక్‌లిస్టు: రెండు కాగితాలు చెడి మూడోది నిలబడేదాకా

హన్మకొండలో మా అక్కది చిన్న క్లినిక్. రెండు గదులు, ఒక డ్రెస్సింగ్ గది, ఒక ఫ్రిజ్, ఒక ఆటోక్లేవ్, ఆక్సిజన్ సిలిండర్లు పెద్దదొకటి, చిన్నదొకటి. పొద్దున 9 నుంచి 1 వరకు, సాయంత్రం 5:30 నుంచి 9 వరకు తెరుస్తాం. అక్క పేషెంట్లను చూస్తుంది, లెక్కలూ సామానూ నేను చూస్తాను. ఇద్దరు సిస్టర్లు, ఒక కాంపౌండర్, ఒక ఆయమ్మ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, పొట్టి సంతకాలు మాత్రం చెప్పాలి. ఎందుకంటే గొడవంతా వాటి దగ్గరే వచ్చింది.

ఎవరైనా తమ క్లినిక్‌లోనో మందుల షాపులోనో ఇలాంటి కాగితం పెట్టాలనుకుంటే మొదటి రెండు దశలూ చదివి వదిలేయొచ్చు, మూడోదాన్ని తీసుకోవచ్చు. కానీ మూడోది అలా ఎందుకు తయారైందో తెలియాలంటే మొదటివి కూడా కావాలి.

దశ 1: టిక్కుల కాగితం (జూన్ 3 నుంచి 15, 12 పనిదినాలు)

ఒకే ఏ4 కాగితం మీద తెరిచేటప్పుడు 12 పనులు, మూసేటప్పుడు 14 పనులు రాశాను. లైట్లు వేయడం, కుర్చీలు తుడవడం, టోకెన్ల డబ్బా సర్దడం నుంచి ఫ్రిజ్ టెంపరేచర్ దాకా అన్నీ ఒకే వరసలో పెట్టాను. ప్రతి పనికీ ఎదురుగా ఒక గడి, అందులో టిక్కు. కింద ఒక సంతకం, తేదీ. కాగితం కౌంటర్ మీద ఉండేది.

రెండు వారాల తర్వాత లెక్క వేశాను.

- మొత్తం గళ్ళు: 26 × 12 = 312
- నిండినవి: 309
- ఖాళీ: 3
- జిరాక్సు ఖర్చు: 24 రూపాయలు

లెక్క చూస్తే చాలా బాగుంది. నేనూ అక్కకి అలాగే చెప్పాను.

అసలు సంగతి 15న తెలిసింది, అదీ నా మతిమరుపు వల్ల. ఫ్రిజ్‌లో ఉండే డిజిటల్ థర్మామీటర్ బ్యాటరీ అయిపోతే 11న పొద్దున్నే, క్లినిక్ తెరవకముందు, దాన్ని తీసి నా డెస్కు సొరుగులో వేశాను. బ్యాటరీ తెచ్చి వేయడం మర్చిపోయి 14న పొద్దున గానీ తిరిగి పెట్టలేదు. అంటే 11, 12, 13 తేదీల్లో ఫ్రిజ్‌లో థర్మామీటరే లేదు. 15న కాగితాలు తిరగేస్తుంటే ఆ మూడు రోజుల్లోనూ టిక్కులతో పాటు అంకెలు కూడా రాసి ఉన్నాయి: 4, 4, 4, 5, 4, 4.

ఆ 5 చూసి నాకు నవ్వొచ్చింది. అన్నీ నాలుగులే ఉంటే బాగుండదని ఎవరో ఆలోచించారు.

కాంపౌండర్‌ని అడిగితే, "అన్నా, ఎప్పుడు చూసినా నాలుగే ఉంటది కదా, అందుకే రాసిన" అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. రాత్రి 9:10కి, బండి తాళం చేతిలో పట్టుకుని, కౌంటర్ దగ్గర నిలబడి 14 గళ్ళు నింపేవాడు. ఫ్రిజ్ లోపలి గదిలో ఉంది. మిగతా 13 పనులు నిజంగానే అయిపోయి ఉంటాయి, పద్నాలుగోదాని కోసం మళ్ళీ లోపలికి ఎందుకు పోతాడు? సంతకం కూడా రోజుకి ఒకటే. కిందున్న ఆ ఒక్క సంతకం 26 పనులకు హామీ ఇస్తోంది, కానీ పెట్టినవాడు వాటిలో సగం పనుల్ని చూడను కూడా లేదు.

కోప్పడాలనిపించింది. అక్క ఆపింది. "నువ్వు మూడు రోజులు థర్మామీటర్ లేకుండా పెట్టినవు, అది వాళ్ళ తప్పు కాదు గదా" అంది. ఆ కాగితం నింపడానికి ఎంతసేపు పడుతోందో ఆ రాత్రి నిలబడి చూశాను: ఒక నిమిషం కూడా పట్టలేదు. అదే పనుల్ని నేను ఒక్కొక్కటిగా చేసి చూస్తే 22 నిమిషాలు పట్టింది.

దశ 2: పని దగ్గరే కాగితం (జూన్ 18 నుంచి జులై 8, 18 పనిదినాలు)

ఈసారి మార్చినవి మూడు.

1. పనులు తగ్గించాను. చేయకపోతే అందరికీ వెంటనే కనిపించే పనులకు కాగితం అక్కర్లేదు. లైట్లు వేయకపోతే మొదటి పేషెంటే చెబుతాడు. చేయకపోయినా ఎవరికీ తెలియకుండా ఉండి, తర్వాత నష్టం తెచ్చేవి మాత్రమే ఉంచాను. 26 పోయి 11 మిగిలాయి: పొద్దున 4, మధ్యాహ్నం మూసేటప్పుడు 1, రాత్రి 6.

2. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. ఫ్రిజ్ తలుపు మీద ఒకటి, ఆక్సిజన్ మూలన ఒకటి, ఆటోక్లేవ్ గదిలో ఒకటి, మెయిన్ డోర్ పక్కన ఒకటి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపుతో అంటించి, పక్కనే పెన్నుకి బ్యాండేజీ దారం కట్టాను. దారం కట్టని పెన్ను మా దగ్గర రెండు రోజుల కంటే ఎక్కువ నిలవదు.

3. టిక్కు తీసేశాను. వీలైన ప్రతిచోటా ఆ వస్తువు మీద చదివిన అంకె రాయాలి. పక్కన టైము, తేదీ, పొట్టి సంతకం.

పదకొండు పనులు ఇవి.

- ఫ్రిజ్: పొద్దున రీడింగు, రాత్రి రీడింగు
- ఆక్సిజన్ మూల: పొద్దున గేజీ అంకె, పొద్దున ఎమర్జెన్సీ ట్రే సీలు మీది తేదీ, రాత్రి సిలిండర్ వాల్వ్ మూసి ఉందా చూడటం
- ఆటోక్లేవ్ గది: పొద్దున డ్రమ్ము టేపు, రాత్రి స్విచ్ తీసి నీళ్ళు వంపడం, రాత్రి సూదుల డబ్బా, వ్యర్థాల సంచులు
- మెయిన్ డోర్: మధ్యాహ్నం ఫ్రిజ్ స్విచ్ చూసి తాళం, రాత్రి నల్లాలు, మోటారు, రాత్రి షట్టర్ తాళం లాగి చూడటం

మధ్యాహ్నం పని ఎందుకంటే, ఒంటిగంటకి ఇంటికి పోయేటప్పుడు స్విచ్‌లన్నీ కట్టేసే అలవాటు అందరికీ ఉంది. ఎండాకాలంలో రెండుసార్లు ఫ్రిజ్ స్విచ్ కూడా కట్టేశారు. ఇప్పుడు ఆ స్విచ్ చుట్టూ ఎర్ర టేపు ఉంది.

ఆటోక్లేవ్ డ్రమ్ముకి అంకె లేదు కాబట్టి వేరే ఉపాయం చేశాం. ఇండికేటర్ టేపు చారలు ఆవిరి తగిలితే నల్లబడతాయి. డ్రమ్ము మీద అంటించిన ఆ టేపు ముక్కనే తీసి కాగితం గడిలో అంటించి, పక్కన సంతకం పెట్టాలి. నల్లబడని ముక్కను ఎవరూ అంటించలేరు. అయితే టేపు చెప్పేది ఆ డ్రమ్ము ఆవిరిలోకి పోయిందని మాత్రమే. లోపలి సామాన్లన్నీ శుభ్రమయ్యాయని కాదు. 15 పీఎస్‌ఐ, 121 డిగ్రీలు ఎంతసేపు నిలిచిందో కాంపౌండర్ వేరే పుస్తకంలో రాస్తాడు.

*ఆక్సిజన్ అంకె కదలకపోతే*

వారం రోజుల్లో ఒకటి కనిపించింది. పొద్దున గేజీ అంకె వరసగా ఏడు రోజులు 110. మధ్యలో ఇద్దరు ఆయాసం పేషెంట్లకి ఆక్సిజన్ పెట్టారు, అయినా తగ్గలేదు. ఈసారి రాసినవాళ్ళు నిజంగానే గేజీ చూసి రాశారు, నేను కూడా వెళ్ళి చూశాను, 110 అనే ఉంది. కానీ సిలిండర్ తాళంచెవితో వాల్వ్ తెరవగానే ముల్లు 70కి పడింది.

కారణం ఇది. ఎవరైనా వాడాక ముందు ఫ్లోమీటర్ మూసి, తర్వాత సిలిండర్ వాల్వ్ మూస్తే, రెండింటి మధ్య ఉన్న గ్యాసు రెగ్యులేటర్‌లోనే చిక్కుకుపోతుంది. గేజీ ఆ చిక్కుకున్న గ్యాసు ఒత్తిడినే చూపిస్తుంది, సిలిండర్‌లో ఉన్నదాన్ని కాదు. తర్వాత వాడేటప్పుడు వాల్వ్ తెరుస్తారు, ముల్లు నిజం అంకెకి పోతుంది. మరి మళ్ళీ 110కి ఎలా వచ్చింది? రాలేదు. ఆ ఇద్దరు పేషెంట్లకీ వాడింది ఈ సిలిండర్ కాదు, మూలనున్న చిన్నది. పెద్దదాన్ని వారంగా ఎవరూ తెరవనే లేదు, దాని మెడ దగ్గర సన్నగా లీకు ఉంది. సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వచ్చాయి.

అందుకే గడి మాటలు మార్చాం. రాత్రి: "వాల్వ్ మూసి, ఫ్లోమీటర్ తెరిచి, ముల్లు సున్నాకి వచ్చాక సంతకం." పొద్దున: "వాల్వ్ తెరిచి చదివిన అంకె, మళ్ళీ మూసి సంతకం." రాత్రి సున్నా చేయకపోతే పొద్దున అంకెకి అర్థం లేదు, అందుకే ఇవి జంట గళ్ళు.

*జూన్ 27: మైనస్ ఒకటి*

మొదటి దశ గొడవ తర్వాత 900 పెట్టి కొత్త థర్మామీటర్ కొన్నాను. ఇది ఇప్పటి టెంపరేచర్‌తో పాటు, కిందటిసారి రీసెట్ నొక్కినప్పటి నుంచి ఎంత తక్కువకి పోయింది, ఎంత ఎక్కువకి పోయింది కూడా గుర్తుపెట్టుకుంటుంది. స్క్రీన్ మీద MIN, MAX అని వస్తాయి. టీకాలూ, తెరవని ఇన్సులిన్ వయల్సూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున తెరిచినప్పుడు 4 ఉంటే సరిపోదు, రాత్రి మూడింటికి ఎంత ఉందో తెలియాలి. అది చెప్పేది MIN, MAX మాత్రమే.

ఫ్రిజ్ కాగితంలో ఆ మూడు రోజులూ ఇలా ఉంది:

- 26 రాత్రి: ఇప్పుడు 4, తక్కువ 2, ఎక్కువ 9, ర
- 27 పొద్దున: ఇప్పుడు 3, తక్కువ −1, ఎక్కువ 9, ర
- 27 రాత్రి: ఇప్పుడు 4, తక్కువ −1, ఎక్కువ 9, ర
- 28 పొద్దున: ఇప్పుడు 3, తక్కువ −1, ఎక్కువ 9, ర

నేను చూసింది 28న. నాలుగు వరసల్లోనూ "ఎక్కువ 9" మారలేదు. దీన్ని బట్టి ఒకటి ఖాయం: చదివాక రీసెట్ ఎవరూ నొక్కడం లేదు. తక్కువ 2 నుంచి −1కి మారింది కాబట్టి, మొదటిసారి సున్నా కిందికి పోయింది 26 రాత్రి నుంచి 27 పొద్దున లోపల. కానీ 27 రాత్రి కూడా పోయిందా లేదా అన్నది ఈ కాగితం చెప్పలేదు, పాత −1 అలాగే నిలిచి ఉంది కాబట్టి.

తర్వాత అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: 26 రాత్రి ఫ్రిజ్ తెరిచినప్పుడు ఎవరైనా నాబ్ తిప్పారా, వయల్స్ ఎక్కడ పెట్టారు? ఆ రాత్రి సంతకం "ర". మా ఇద్దరు సిస్టర్ల పేర్లూ "ర"తోనే మొదలవుతాయి. పెద్ద సిస్టర్ "నాది పొద్దున డ్యూటీ, నేను కాదు" అంది. చిన్న సిస్టర్ "ఆ రోజు అక్క నేను మార్చుకున్నం అన్నా, నేను పొద్దున వచ్చిన" అంది. ఇద్దరూ ఒకరికొకరు సర్ది చెప్పుకుంటూ ఉంటే ఇంకా అడిగితే బాగుండదని ఊరుకున్నాను. సంతకం ఉంది, తేదీ ఉంది, టైము ఉంది, మనిషి మాత్రం దొరకలేదు.

ఫ్రిజ్‌ని మేమే వెతికి చూసుకున్నాం. ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్ ఇది. లోపలి నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలు ఉంటాయి, పెద్ద అంకె అంటే ఎక్కువ చల్లదనం. మే నెలలో గది పొయ్యిలా ఉన్నప్పుడు నేనే దాన్ని 6 మీద పెట్టాను. వానలు మొదలయ్యి గది చల్లబడ్డా నాబ్ 6 మీదే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన స్టాకుని ఎవరో వెనక గోడకి ఆనించి సర్దారు. మధ్య అరలో థర్మామీటర్‌కే −1 వచ్చిందంటే, వెనక గోడ దగ్గర ఇంకా తక్కువే ఉండి ఉంటుంది.

అక్క చేసింది వరసగా:

1. ఫ్రిజ్‌లోని సరుకంతా లెక్కపెట్టి, "వాడొద్దు" అని రాసిన డబ్బాలో వేరుగా, అదే ఫ్రిజ్‌లో పెట్టింది. నాబ్ 3కి తగ్గించింది.
2. ఇన్సులిన్ వయల్స్ 3 పరీక్ష లేకుండానే పక్కన పెట్టింది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, అయినా దాన్ని వాడకూడదు.
3. టీటీ ఆంప్యూల్స్ 8 కూడా అలాగే. ఖరీదు తక్కువ, పరీక్ష చేసే శ్రమ ఎక్కువ.
4. హెపటైటిస్ బి వయల్స్ 6, అన్నీ ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్. వీటికి షేక్ టెస్టు చేసింది.

షేక్ టెస్టు అంటే ఇది. ఆరింటిలో ఒక వయల్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి కావాలనే గడ్డ కట్టించింది. మర్నాడు బయట కరగనిచ్చింది. దాన్నీ, అనుమానం ఉన్న ఒక్కో వయల్‌నీ ఒకే చేతిలో పట్టుకుని 10, 15 సెకన్లు ఊపి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది. గడ్డకట్టి కరిగిన వయల్‌లో తెల్లటి పదార్థం తొందరగా కిందికి దిగి, పైన నీళ్ళలా తేటపడుతుంది. దెబ్బతినని వయల్ చాలాసేపు పాలలా మబ్బుగానే ఉంటుంది. అరగంట దాకా చూడాలి. మా వాటిలో వెనక గోడ వైపు నుంచి తీసిన రెండు, కావాలని గడ్డకట్టించిన దానంత వేగంగానే తేటపడ్డాయి. మిగతా మూడు మబ్బుగా ఉన్నా అక్క వాటినీ తీసేసింది.

ఈ పరీక్ష అల్యూమినియం లవణాలు కలిపిన టీకాలకే పనికొస్తుంది: టీటీ, డీపీటీ, హెపటైటిస్ బి లాంటివి. పోల్చే వయల్ అదే కంపెనీది, అదే బ్యాచ్‌ది అయి ఉండాలి. మా దగ్గరున్న కుక్కకాటు టీకా పొడి రూపంలోది, దానికి ఇది వర్తించదు. దాని పెట్టెలో వచ్చిన కాగితం చదివి అక్క విడిగా నిర్ణయించుకుంది.

పారేసినవి: 3 + 8 + 6 = 17. మా క్లినిక్‌కి ఇది చిన్న నష్టం కాదు. కానీ పాత టిక్కుల కాగితమే ఉంటే ఆ వారం మొత్తం "4, 4, 4" అని ఉండేది, ఆ పదిహేడూ పేషెంట్లకి పోయేవి.

రెండో దశ లెక్క:

- గళ్ళు: 11 × 18 = 198
- నిండినవి: 175
- ఖాళీ: 23
- ఖర్చు: జిరాక్సు 32, కవర్లు 60, పెన్నులు 40, థర్మామీటర్ 900, గ్లిజరిన్ సీసా 50, మొత్తం 1,082
- ఇప్పటిదాకా: 510 గళ్ళు, 1,106 రూపాయలు

ఖాళీలు 3 నుంచి 23కి పెరిగాయి. "ఇది ముందటి కన్నా ఖరాబైంది కదా" అని కాంపౌండర్ నవ్వాడు. నాకు మాత్రం ఆ 23 ఖాళీల మీదే నమ్మకం ఎక్కువ.

గ్లిజరిన్ సీసా సంగతి: థర్మామీటర్ తీగ చివర గాలిలో వేలాడుతుంటే ఫ్రిజ్ తలుపు తెరిచిన ప్రతిసారీ MAX 9కో 11కో ఎగురుతుంది. వయల్ లోపలి మందు అంత తొందరగా వేడెక్కదు. ఆ తీగ చివరను గ్లిజరిన్ నింపిన చిన్న సీసాలో ముంచి, మధ్య అరలో మందుల మధ్య పెట్టాం. ఇప్పుడు తలుపు తెరిచిన గాలికి కాకుండా మందు అనుభవించే వేడికి దగ్గరగా అంకె వస్తుంది. కింది అరలో నీళ్ళ సీసాలు నాలుగు పెట్టాం, కరెంటు పోయినప్పుడు చల్లదనం నిలవడానికి. తలుపు అరల్లో మందులేవీ పెట్టం.

దశ 3: మనిషి దొరికే సంతకం (జులై 10 నుంచి ఆగస్టు 6, 24 పనిదినాలు)

పనులు అవే 11. మార్చింది సంతకం నియమాలు మాత్రమే. అందరం కూర్చుని మాట్లాడుకుని రాసుకున్నవి:

1. గుర్తుల పట్టీ. ఒక కాగితం మీద పూర్తి పేరు, పొట్టి సంతకం, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. పెద్ద సిస్టర్ "రజ", చిన్న సిస్టర్ "రమ". ఎవరైనా మానేస్తే చివరి తేదీ రాస్తాం, ఆ గుర్తుని మళ్ళీ ఇంకొకరికి ఇవ్వం. పట్టీ నాలుగు కాపీలు, ఒక్కో కాగితం వెనక ఒకటి.

2. గడిలో ఉండగలిగేవి మూడే. చేస్తే అంకె, టైము, సంతకం. చేయలేకపోతే ఒక సున్నా చుట్టి, అందులో సంతకం పెట్టి, కింద కారణం. తెలియకపోతే ఖాళీ. అడ్డగీత వద్దు, ఎందుకంటే దాని అర్థం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంది.

3. నిన్నటి ఖాళీని ఈరోజు నింపకూడదు. పని చేసినట్టు గుర్తున్నా సరే.

4. తప్పు రాస్తే దాని మీద ఒకే గీత, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ. వైట్‌నర్ క్లినిక్‌లోనే లేకుండా చేశాను.

5. ఎవరి పని ఎవరు చేసినా, చేసినవాళ్ళ సంతకమే. డ్యూటీ ఎవరిదన్నది ఈ కాగితానికి అక్కర్లేదు.

6. తేదీ ముందుగా ప్రింటు చేయం. రెండో దశలో నేను తేదీలన్నీ కొట్టించి ఇచ్చాను, దాంతో పొరపాటున కింది వరసలో రాసేసి, పై వరసని తర్వాత నింపేవారు. ఇప్పుడు ఆ రోజు మొదట సంతకం పెట్టేవాళ్ళే తేదీ రాస్తారు.

7. ఫ్రిజ్ గడి నాలుగు ముక్కలు: ఇప్పుడు, తక్కువ, ఎక్కువ, నాబ్ అంకె. రాసి, రీసెట్ నొక్కి, అప్పుడు సంతకం.

రీసెట్ నొక్కారో లేదో కాగితం చూసే తెలుస్తుంది. తక్కువ, ఎక్కువ రెండూ పదో వంతు కూడా మారకుండా వరసగా మూడు రీడింగుల్లో వస్తే నొక్కలేదన్నమాట.

ఆయమ్మ సంగతి విడిగా చెప్పాలి. ఆమెకి రాయడం రాదు. సూదుల డబ్బా, వ్యర్థాల సంచులు ఆమె చూస్తుంది. రెండో దశలో ఆమె బదులు కాంపౌండర్ సంతకం పెట్టేవాడు, అంటే ఆ గడి ఎప్పుడూ నిండేది, దానికి విలువ లేదు. నేను వేలిముద్ర అన్నాను. "పైసలు తీస్కునేటప్పుడు పెట్టేది గిక్కడెందుకు బిడ్డా" అంది, నచ్చలేదు. ఆమే పెన్ను తీసుకుని నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ ముగ్గులా మెలిక తిప్పింది. అదే ఆమె గుర్తుగా పట్టీలో ఎక్కింది. మా అందరి సంతకాల్లో కాపీ కొట్టడం కష్టమైంది అదే, ఆ మెలిక చేయి ఎత్తకుండా తిప్పడం నాకు ఇంకా రాలేదు.

ఆమె గడిలో అంకెకి బదులు బొమ్మలు పెట్టాం. సూదుల తెల్ల డబ్బా బొమ్మ మీద మట్టం గీత గీస్తుంది. మూడొంతులు నిండితే మూత వేసి కొత్తది పెట్టాలి. పసుపు, ఎరుపు సంచులు, నీలం గుర్తు డబ్బా బొమ్మల్లో ఆ రోజు కట్టినవాటిపై ఒక గీత. 2016 వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలోకి పోయే రక్తం అంటిన దూదీ, కట్లూ లాంటివాటిని 48 గంటలకి మించి క్లినిక్‌లో ఉంచకూడదు. వ్యర్థాల బండి రాని రోజు ఆమె బండి బొమ్మ చుట్టూ సున్నా చుడుతుంది. రెండు రోజులు వరసగా సున్నా కనిపిస్తే నేను ఫోన్ చేస్తాను. ఈ నెలలో ఒక్కసారి చేయాల్సి వచ్చింది.

*శనివారం పది నిమిషాలు*

శనివారం సాయంత్రం నేను నాలుగు కాగితాలూ చూసి, నా గుర్తు, తేదీ పెడతాను. చూసేవి మూడే. టైములన్నీ 9:00, 9:00, 9:00 అని గుండుగా ఉన్నాయా? వారం మొత్తం ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉందా? అంకెలు కదులుతున్నాయా? అనుమానం వస్తే ఎవరినీ అడగను, ఆ పూట నేనే ఫ్రిజ్ రీడింగు తీసి రాస్తాను, తర్వాతి వాళ్ళ అంకెతో పోలుస్తాను.

జులై 27న నేను రాలేకపోయాను, ఊళ్ళో పెళ్ళి. 29న వచ్చి 27 తేదీ వేసి నా గుర్తు పెట్టేశాను. చిన్న సిస్టర్ చూసింది. ఏమీ అనలేదు, మూడో నియమం ఉన్న కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయింది. నేను వేసిన 27 మీద ఒక గీత గీసి, 29 అని రాసి, సంతకం పెట్టాను.

*మూడో దశ లెక్క*

- గళ్ళు: 11 × 24 = 264
- అంకె, సంతకంతో నిండినవి: 241
- సున్నా చుట్టి కారణం రాసినవి: 14
- ఖాళీ: 9
- ఫ్రిజ్‌లో అన్నిటికన్నా తక్కువ: 2.8 డిగ్రీలు, ఎక్కువ: 7.6, అదీ రెండు గంటలు కరెంటు పోయిన మధ్యాహ్నం
- నలుగురికీ కలిపి రోజుకి పట్టే సమయం: సుమారు 12 నిమిషాలు
- ఖర్చు: జిరాక్సు 40, క్లిప్పు అట్టలు నాలుగు 280, మొత్తం 320
- మొదటినుంచి: 774 గళ్ళు, 1,426 రూపాయలు

క్లిప్పు అట్టలు ఎందుకంటే ఫ్రిజ్ తలుపు మీద టేపు చెమ్మకి ఊడిపోయేది, కవర్లోంచి కాగితం తీసి రాసి మళ్ళీ పెట్టడం ఎవరికీ ఓపిక లేదు.

సున్నా చుట్టిన 14లో 6 ఆక్సిజన్‌వి. "తాళంచెవి దొరకలేదు" అని కారణం. ఇప్పుడు తాళంచెవి గొలుసుతో సిలిండర్‌కే కట్టి ఉంది. సున్నా చుట్టే వీలు లేకపోతే ఈ సంగతి నా దాకా వచ్చేదే కాదు, ఏదో ఒక అంకె పడేది.

దశ 4: మధ్యాహ్నం గడి (ఆగస్టు 7 నుంచి, నడుస్తోంది)

ఖాళీ ఉన్న 9లో 7 మధ్యాహ్నం గడివే. ఒంటిగంటకి ఆఖరున ఎవరు పోతారో ఖాయం లేదు. ఒకరోజు సిస్టర్, ఒకరోజు కాంపౌండర్, పేషెంట్లు ఎక్కువుంటే అక్కే తాళం వేసుకుని పోతుంది. అందరిదీ అనుకున్న పని ఎవరూ చేయలేదు. మనిషిని ఖాయం చేద్దామంటే అది మా దగ్గర కుదరదు.

అందుకని మనిషిని వదిలేసి తాళానికి కట్టాం. మెయిన్ డోర్ అట్టకి ఒక కొక్కెం బిగించి, షట్టర్ తాళాన్ని కాగితం మీదుగా, సరిగ్గా ఆ రోజు గడి మీద పడేలా వేలాడదీశాం. తాళం తీసుకోవాలంటే ఆ గడి కనబడుతుంది, పెన్ను పక్కనే ఉంటుంది. ఎవరు తాళం తీస్తే వాళ్ళే ఫ్రిజ్ స్విచ్ చూసి సంతకం. అక్క గుర్తు కూడా పట్టీలో ఎక్కింది, ఇప్పటికి రెండుసార్లు పెట్టింది.

మొదటి 6 రోజుల్లో 5 నిండాయి, ఒకటి ఖాళీ. తాళం రుద్దుకుని రెండు చోట్ల కాగితం చిరిగింది కాబట్టి వచ్చే వారం కొక్కెం నాలుగు వేళ్ళ పైకి జరపాలి, గడి తాళం కింద కాకుండా పక్కన వచ్చేలా కాగితం మళ్ళీ గీయాలి.